ప్రెబెన్ తిట్టి పంపిన పెళ్లిళ్లు

మా నానమ్మ తూరాకి నచ్చని వస్తువులు ఈ లోకంలో చాలా ఉన్నాయి. బెలూన్ల తోరణం. కుర్చీ వెనక కట్టే శాటిన్ ముడి. పెళ్లికూతురి పేరు ఎర్ర దీపాల్లో వెలిగే గోడ. ఈ వరసలో అప్పుడప్పుడూ నేనూ చేరుతుంటాను, ముఖ్యంగా వ్యాన్ వెనక్కి తీస్తూ బకెట్లు దొర్లించినప్పుడు.

మోర్స్ దీవిలోనూ లిమ్‌ఫ్యోర్ సముద్రపు పాయకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలోనూ పెళ్లి బల్లలు అలంకరించడం ఆమె పని. నేను పుట్టకముందు నుంచీ అదే. నేను బడి మధ్యలో మానేసి వచ్చినప్పుడు ఇంట్లో అందరూ ఏడ్చారు. నానమ్మ మాత్రం "వ్యాన్ నడపడం వచ్చా?" అని అడిగింది. అంతే, ఉద్యోగం దొరికింది.

ఆమె అలంకరణ చూసి మొదటిసారి వచ్చినవాళ్లు ఇంకా ఏదో రావాల్సి ఉందనుకుంటారు. తెల్ల గుడ్డ, పల్చటి మట్టి గిన్నెలు, వాటిలో పొలం గట్టు గడ్డి, ఓట్స్ కంకులు, అడవి క్యారెట్ పువ్వులు, కాలమైతే గసగసాల పువ్వులు. మధ్యమధ్యన పొట్టి కొవ్వొత్తులు. చూడటానికి ఎవరో దారిన పోతూ పెట్టేసి పోయినట్టుంటుంది. గసగసాల పువ్వు తెంపగానే కాడ చివర నిప్పుకు కాల్చకపోతే భోజనం వేళకి తల వాల్చేస్తుందనీ, అడవి క్యారెట్‌ని గట్టు మీదే నీళ్ల బకెట్‌లో ముంచాలనీ వాళ్లకేం తెలుసు. అతిథులు రాకముందు ఆమె ప్రతి కుర్చీలోనూ కూర్చుంటుంది. మోచెయ్యి బల్ల మీద ఆనించి, పిడికిలి బిగించి నిలబెడుతుంది. పిడికిలికి పైన ఏది కనిపించినా కత్తెర పడుతుంది. శుభం కోరుతూ స్కోల్ అని గ్లాసు ఎత్తినప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడకుండా తాగడం మా దగ్గర తాగడమే కాదు. చూడాలంటే కనపడాలి కదా.

ఆమెకి వెబ్‌సైట్ లేదు. వ్యాన్ మీద పేరు లేదు. "ఆ పెళ్లిలో బల్ల అవతల వాళ్లు కూడా కనిపించారు చూడు, ఆవిడే" అని ఎవరో ఎవరికో చెబుతారు. ఆ ఎవరో చాలామటుకు బిర్గిట్టే. మా దీవిలోని న్యుకోబింగ్‌లో జుట్టు కత్తిరించే దుకాణం ఆమెది. పెళ్లికూతుళ్లు జడ ఎలా ఉంటుందో చూసుకోవడానికి ఆమె కుర్చీలో కూర్చుంటారు. తల ఆమె చేతిలో ఉంటుంది కాబట్టి ఆమె ఏం చెబితే దానికి ఊపుతారు. మా వ్యాన్ నడిచేది ఆ కుర్చీ దయవల్ల.

ఆ బిర్గిట్టే ఒక వసంతంలో మా వంటగదిలోకి వచ్చి కాఫీ ముందు కూర్చుంది. ఆమె కూతురు సిగ్నెకి పెళ్లి.

"తూరా, నాకు పొడుగువి కావాలి" అంది.

"ఏం పొడుగువి?"

"గాజువి. ఆల్‌బోర్‌లో మా చెల్లెలి కూతురి పెళ్లిలో చూశా. ఇంతెత్తు." చెయ్యి దీపం దాకా లేపింది. "పైన గులాబీలు గుత్తులు గుత్తులు. కింద నుంచి చూస్తే స్వర్గమే అనుకో."

"స్వర్గాన్ని కింద నుంచి చూడాలనుకునేవాళ్లు సమాధుల తోటలో పడుకోవచ్చు."

"ఈ ఒక్కసారికి చెయ్యి. నా కూతురు కదా."

"సిగ్నె అడిగిందా?"

"దానికేం తెలుసు! దానికి సాయంత్రం పాటలుంటే చాలు."

నానమ్మ చాలాసేపు కాఫీ కలిపింది. ఆమె చక్కెర వేసుకోదు. కాదంటే ఆ దుకాణం కుర్చీ నుంచి ఇక ఎవరూ రారు. ఔనంటే ఆ బల్లల చుట్టూ కూర్చునే ఆడపిల్లలంతా రేపటి పెళ్లికూతుళ్లు. వాళ్లు చూసిందే ఆమె పనితనమని ఊరంతా అనుకుంటుంది. చివరికి ఒక షరతు పెట్టింది: "నా పేరు ఎవరికీ చెప్పకు."

"నా నోట్లోంచి రాదు" అంది బిర్గిట్టే. ఆ నోరు మూసుకుని ఉండగా నేను చూసింది పిన్నులు పట్టుకున్నప్పుడే.

మా దగ్గర అలాంటి పొడుగు గాజు కూజాలు లేవు. ఉన్నవాడు ఒక్కడే, నీళ్లకు అవతల త్యూస్టెడ్‌లోని ప్రెబెన్. బెలూన్లు, శాటిన్ ముళ్లు, వెలిగే గోడలు అన్నీ అద్దెకిచ్చే మహానుభావుడు. నానమ్మ వ్యాన్ దిగకుండా నన్ను పంపింది. అతను నా వెనకే వచ్చి కిటికీలోంచి తల దూర్చాడు.

"ఏం తూరా, కాలవ గట్లన్నీ గొరిగేశావా? గడ్డి అయిపోయిందా?"

"నోరు మూసుకుని కూజాలు ఎక్కించు, ప్రెబెన్."

"ఎక్కిస్తా, ఎక్కిస్తా. పాతికేళ్లుగా ఈ రోజు కోసమే చూస్తున్నా."

పెళ్లి ఒక పాత జమీందారీ భవనం కొట్టంలో జరిగింది. నానమ్మ చేతికి వచ్చిన పనిని చెడగొట్టలేదు, అదే ఆమె రోగం. గులాబీలను మొగ్గల్లో కొని, చల్లటి గదిలో నిలబెట్టి, సరిగ్గా ఆ సాయంత్రానికి విచ్చేలా చేసింది. కూజాలు ఒరగకుండా అడుగున నీళ్లు నింపింది. కాడలు గుచ్చే నురగ ఇటుకలు వాడకుండా కోళ్ల కంచె తీగను ఉండచుట్టి పైన ఇరికించింది. చివర్లో అలవాటు కొద్దీ ఒక కుర్చీలో కూర్చుని పిడికిలి నిలబెట్టింది. ఎదురుగా నిలువెత్తు గాజు. లేచి వెళ్లిపోయింది.

నేను గిన్నెలు సర్దే నెపంతో వంటవాళ్ల మధ్య ఉండి అంతా చూశాను. స్కోల్ అనగానే గ్లాసులు లేచాయి, కళ్లు మాత్రం కలవలేదు. ఒక మామయ్య తలుపు చాటు నుంచి తొంగి చూసినట్టు గులాబీల పక్క నుంచి మెడ చాచాడు. అవతల ఒక అత్తయ్య లేచి నిలబడి తాగింది. పెళ్లికొడుకు తండ్రి ఉపన్యాసమిస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడు, ఆ కన్నీళ్లు ఆయన పక్కన కూర్చున్న ఇద్దరికే కనిపించాయి. ఆ బల్లల దగ్గర రాత్రంతా ఎవరికీ ఎదుటివాళ్ల ముఖం దొరకలేదు. అయినా అందరూ ఫోన్లు తీసి ఆ కూజాలకు ఫొటోలు తీశారు. మనుషుల కంటే కూజాలే నవ్వుతున్నట్టు వచ్చాయి ఫొటోల్లో.

తర్వాతి వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే పాట: "ఆ పొడుగువి చేసింది మీరే కదా?"

నానమ్మ బిర్గిట్టే దుకాణానికే వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను, ఇలాంటివి ఊరికే పోనిచ్చే రకం కాదు నేను.

"పేరు చెప్పనన్నావు."

"చెప్పలేదే!" బిర్గిట్టే కత్తెర గాల్లో ఆపింది. "ఎవరు చేశారంటే, నేను ఎప్పుడూ ఎవరి దగ్గరికి పంపుతానో ఆవిడే అన్నాను. అంతే కదా?"

కుర్చీలో ఉన్న పిల్ల తడి జుట్టులోంచి చూసి, "మా పెళ్లికి కూడా అవే కావాలి. ఇంకొంచెం పొడుగైతే బావుణ్ణు" అంది.

నానమ్మ ఆ పిల్లను కాసేపు చూసింది. "ప్రెబెన్‌కి ఫోన్ చెయ్యి" అంది.

అలాగే వచ్చిన ప్రతి ఫోన్‌కీ అదే జవాబు. పొడుగువా? ప్రెబెన్. గులాబీల గోడా? ప్రెబెన్. ఒకావిడ అచ్చం అవే కావాలి గానీ గడ్డి వేసినవి కావాలంది, ఆవిడనూ ప్రెబెన్‌కే పంపింది. వేసవి పెళ్లిళ్లన్నీ అలా నీళ్లు దాటి త్యూస్టెడ్‌కి వెళ్లిపోయాయి. గిన్నెలు షెడ్డులో దుమ్ము పట్టాయి.

"నానమ్మా, ఒక్కటైనా ఒప్పుకో. రెండు పెళ్లిళ్లు చేసి మళ్లీ మన గడ్డికి వద్దాం."

"రెండు చేస్తే నాలుగు వస్తాయి. నాలుగు చేస్తే ఇక గడ్డి అని ఎవరూ అడగరు. నీకు లెక్కలు రాకే కదా బడి మానేసింది."

"చేతిలో పని లేకపోతే గడ్డి అడగడానికైనా ఎవరొస్తారు?"

ఆ శీతాకాలం మేము నిజంగా భయపడ్డాం. ఆమె పైకి అనలేదు గానీ ఫోన్ మోగితే ముందులా "ఎవడు వాడు" అని కసరడం మానేసింది.

ఒక రోజు ప్రెబెన్ తనే వచ్చాడు. బూట్లు విప్పకుండా వంటగదిలోకి నడిచాడు.

"ఏమిటి నీ ఎత్తు? ఇంతమందిని నా మీదకి ఎందుకు తోలుతున్నావు? కమీషన్ కావాలా?"

"నీ డబ్బు ముట్టుకుంటే చేతులకి మెరుపు పొడి అంటుకుంటుంది. నీకు తగినవాళ్లు వచ్చారు, నీకు పంపాను. బూట్లు విప్పు."

అతను విప్పాడు. కాఫీ తాగాడు. తన కూజాలని వెక్కిరించినందుకు ఆమెని "కాలవ గట్టు మంత్రగత్తె" అన్నాడు. ఆమె అతన్ని "గాలి నింపిన తిత్తి" అంది. ఇద్దరూ ఆనందంగానే విడిపోయారని నాకనిపించింది.

వసంతం మొదట్లో ఒక జంట వచ్చింది. లేర్కె, యెప్పె అట. గుమ్మంలోనే నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేం ప్రెబెన్ దగ్గరికి వెళ్లాం" అంది లేర్కె. "మాకు నచ్చలేదని చెప్తే ఆయనకి కోపమొచ్చింది. అయితే మోర్స్‌లో ఒక ముసలిది ఉంది, దాని దగ్గరికి పొండి అన్నాడు. బల్ల మీద కలుపు మొక్కలు పెడుతుందట, మీ కుర్చీలన్నిట్లో ముందు తనే కూర్చుంటుందట, బెలూన్ అన్న మాట ఎత్తితే తరిమేస్తుందట. నిజమేనా?"

"నిజమే" అంది నానమ్మ.

యెప్పె హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. "అయితే మాకు మీరే కావాలి."

వాళ్ల తర్వాత ఇంకొకరు, వాళ్ల తర్వాత ఇంకొకరు. అందరూ అవే తిట్లు మోసుకుని వచ్చారు. బిర్గిట్టే అన్నేళ్లు మమ్మల్ని మెచ్చుకుని పంపినవాళ్లలో సగం మందికి ఏం కావాలో వాళ్లకే తెలిసేది కాదు. ప్రెబెన్ తిట్టి పంపినవాళ్లకి ఒక్క ముక్క విప్పి చెప్పక్కర్లేదు. వాళ్ల పెళ్లిళ్లలో కూర్చున్నవాళ్లు కూడా మెల్లగా ఫోన్లు చేయసాగారు, గట్టు గడ్డి ఏ నెలలో బావుంటుందని.

మొన్న ఒకావిడ వచ్చి, దీపాల గోడ ముందు మన గడ్డి పెట్టగలరా అని అడిగింది.

"నిన్నెవరు పంపారు?"

"ప్రెబెన్. మీరు చాలా మంచివారని, ఏం అడిగినా చక్కగా చేసిపెడతారని చెప్పారు."

నానమ్మ మొహం పాలిపోయింది. ఆవిడని సాగనంపి, ఫోన్ అందుకుంది.

"ప్రెబెన్! నన్ను మెచ్చుకోమని నీకెవరు చెప్పారు?"

అటువైపు అతను ఏదో నసిగాడు. ఇన్నాళ్ల పరిచయం కదా అన్నట్టున్నాడు.

"పరిచయం నీ ఇంట్లో పెట్టుకో. నా పొట్ట కొట్టకు. ఉన్నదున్నట్టు చెప్పు."

తర్వాత ఫోన్‌లోంచి ప్రెబెన్ గొంతు నా దాకా వినిపించింది. అది మొండి ముసలిదన్నాడు, దాని గడ్డి ఆవు కూడా ముట్టదన్నాడు, దానితో పెళ్లి చేయించుకోవడం కంటే పెళ్లి మానుకోవడం మేలన్నాడు.

నానమ్మ తలాడిస్తూ చివరి దాకా విన్నది.

"ఆఁ. ఇలా చెప్పు" అని ఫోన్ పెట్టేసి, కత్తెర తీసుకుని, వ్యాన్ తియ్యమని నన్ను కసిరింది.