ఛాతీ మీద తెల్లమచ్చ

తొంభైల మొదట్లో కోదాడ పశువుల దవాఖానకు డాక్టరుగా వచ్చాను. సొంతూరు సూర్యాపేట. అమ్మ నేను చదువుకునే రోజుల్లోనే పోయింది. అక్క సూర్యాపేటలోనే కాపురం ఉంటుంది. కోదాడలో ఒక పెద్దావిడ ఇంట్లో వెనక గది కిరాయికి తీసుకున్నాను. పగలు దవాఖాన ముందు గేదెలు, వాటి వెంట రైతులు. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళితే మాట్లాడటానికి ఎవరూ ఉండేవారు కాదు. ఆడ డాక్టరు ఈనలేని గేదెకు ఏం చేస్తుందని మొదట్లో అనుమానపడ్డ రైతులు మెల్లగా అలవాటు పడ్డారు. ఆ గదికి మాత్రం నేను అలవాటు పడలేదు.

ఆ కుక్కపిల్ల హైవే పక్కన లారీలు ఆగే హోటళ్ల వెనక దొరికింది. ఎంగిలాకుల మధ్య నిలబడలేక కూలబడుతోంది. ఒంటి మీద సగం వెంట్రుకలు గజ్జికి ఊడిపోయాయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పళ్లు చూస్తే రెండు నెలలు దాటి ఉంటుందనిపించింది. వీపు నల్లగా, కాళ్లు గోధుమ రంగులో ఉన్నాయి. మా ప్రాంతంలో వీధుల్లో తిరిగే కుక్కల్లో ఆ రంగు మామూలే. ఛాతీ మీద చిన్న తెల్లమచ్చ. ఊరకుక్కల్లో అది ఇంకా మామూలు. ఛాతీ మీదో, వేళ్ల కొసలనో, తోక చివరనో తెలుపు లేని ఊరకుక్కను అరుదుగా చూస్తాం. ఊరకుక్కే అనుకుని ఒళ్లో వేసుకుని తెచ్చాను.

ఇంటావిడ గడపలో నిలబడి చూసింది.

"ఏంటి డాక్టరమ్మా, దవాఖానలో సరిపోక ఇంటికి గూడా తెచ్చుకుంటున్నవా?"

"నయం అయ్యేదాకే అత్తమ్మా."

"అయినంక పంపేస్తవా?"

నేను దాన్ని లోపలికి తీసుకెళ్లాను. ఆవిడ మళ్లీ అడగలేదు. మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర ఒక సత్తు గిన్నెలో గంజి పెట్టి ఉంది.

మందు పూస్తుంటే వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. కుక్కపిల్ల నా చెప్పుల మీద తల పెట్టుకుని పడుకునేది. దవాఖాన నుంచి వచ్చేసరికి తలుపు లోపలి నుంచి గోళ్ల చప్పుడు వినిపించేది. ఎవరో ఎదురుచూసే ఇంటికి వెళ్లడం నాకు చాలా ఏళ్ల తర్వాత అనుభవంలోకి వచ్చింది. రాత్రి అన్నం తింటూ ఆ రోజు చూసిన పశువుల సంగతులన్నీ దానికి చెప్పేదాన్ని.

అక్కకు చూపించాలని ఒక ఆదివారం దాన్ని బజారులోని స్టూడియోకి తీసుకెళ్లి ఫొటో తీయించాను. స్టూడియో ఆయన దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి లైటు వేశాడు.

"ఇది అల్సేషన్ పిల్ల మేడం. ఫొటోలో చూడండి, ఎంత దర్జాగా ఉందో."

"నలుపూ గోధుమా ఉంటే అల్సేషన్, తెల్లగా బొచ్చుంటే పామేరియన్. మీకు అన్నీ జాతి కుక్కలే," అన్నాను నవ్వుతూ. "దగ్గరగా తీస్తే ఏ పిల్లకైనా తల పెద్దగా, పాదాలు లావుగా కనబడతాయి. పక్కన కొలతకు ఏమీ లేదు. తోక కింద పెట్టుకుని కూర్చుంది. ఇక దేన్ని బట్టి చెబుతారు?"

ఆయన ఒప్పుకోలేదు. ఒక కాపీ పెద్దదిగా చేసి స్టూడియో అద్దాల్లో పెట్టుకున్నాడు.

కొన్ని వారాలకు మిర్యాలగూడ నుంచి ఒకాయన దవాఖానకు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. రైస్ మిల్లు ఆయనది. హైదరాబాదు నుంచి తెచ్చిన ఆల్సేషియన్ పిల్ల బస్తాలు మోసే చెక్క మీదుగా బియ్యం లారీ ఎక్కి బస్తాల మధ్య పడుకుందట. ఎవరూ చూసుకోలేదు. దారిలో కోదాడ హోటళ్ల దగ్గర ఆగిన లారీ బెజవాడ చేరేసరికి పిల్ల లేదు.

"మా డ్రైవరు స్టూడియో అద్దంల ఫొటో సూసిండంట మేడం. జర మనదాని లెక్కనే ఉన్నదన్నడు. నాకైతే నమ్మకం లేదు. మాది ఒళ్లంతా నలుపే ఉండె."

జేబులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. నెలన్నర పిల్ల. దాదాపు నల్లగా ఉంది, కాళ్ల కొసలు మాత్రమే లేత రంగు.

"మీరే డాక్టరు గదా. మీరెట్లంటే గట్లనే. కాదంటే నేను పోత," అన్నాడు.

ఆయన్ని ఇంటికి తీసుకెళ్లాను. దారంతా అది ఊరకుక్కే అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. తలుపు తీయగానే కుక్కపిల్ల ఎగిరి నా మీద పడింది. రోజూ చూస్తున్న పిల్లే. ఆ రోజు పరాయివాళ్ల పశువును చూసినట్లు చూశాను.

దానికి నాలుగు నెలలు నిండబోతున్నాయి. ఆ వయసుకు ఊరకుక్క పిల్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. దీనికి ఒక చెవి లేచింది, రెండోది తల మీదికి వాలి ఉంది. పళ్లు మారే వయసులో ఆల్సేషియన్ చెవులు అలాగే ఊగిసలాడతాయి. అదొక్కటే అయితే కొట్టిపారేసేదాన్ని. ముందుకాళ్ల ఎముకలు లావు, మోకీళ్లు బొడిపెల్లా ఉన్నాయి. గజ్జి పోయాక వచ్చిన వెంట్రుకల కింద మెత్తటి ఇంకో పొర ఉంది. ఊరకుక్క తోకలా వీపు మీదికి సుడి తిరగకుండా దీని తోక గుబురుగా కిందికి వేలాడుతోంది. ఇవన్నీ నా చేతులకు ఎప్పుడో తెలిసే ఉండాలి.

రంగు గురించి కూడా నాకు తెలుసు. ఆల్సేషియన్ పిల్లలు నల్లగా పుడతాయి, పెరిగేకొద్దీ గోధుమ రంగు కాళ్ల నుంచి పైకి పాకుతుంది. ఆయనకు అది తెలియదు. అయినా జాతి ఒక్కటైనంత మాత్రాన పిల్ల ఆయనదే కావాలని లేదు.

ఫొటో కిటికీ వెలుతురులోకి తెచ్చాను. నలుపు మధ్య, ఛాతీ ఎడమవైపు, చింతగింజంత తెల్లమచ్చ. కింద కొస వంకర తిరిగి ఉంది. కుక్కపిల్లను వెల్లకిలా పడుకోబెట్టాను. ఊరకుక్క గుర్తనుకున్న మచ్చ అదే చోట, అదే వంకరతో ఉంది. జాతి కుక్కల్లోనూ అప్పుడప్పుడు అలాంటి మచ్చ పడుతుంది.

ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "కాదు గద మేడం?" అన్నాడు.

"మీదే," అన్నాను.

మచ్చ చూపించి, రంగు ఎలా మారుతుందో చెప్పాను. ఆయన కింద కూర్చుని దాని చెవుల మధ్య వేలితో నిమిరాడు. కాసేపటికి తల ఎత్తి నా గది చూశాడు, మంచం, స్టవ్వు, ఒక కుర్చీ.

"మీకు అలవాటైంది గదా. మీరే ఉంచుకోండి మేడం, పర్వాలేదు."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయన వేలు మాత్రం దాని మెడ దగ్గర ఆగిపోయింది. ఈ గదిలో దాన్ని పొద్దంతా తాళం వేసి ఉంచిన సంగతి నాకు గుర్తొచ్చింది. అది ఇంకా చాలా పెరుగుతుంది.

"తీసుకెళ్లండి. టీకా ఇంకోటి వేయించాలి," అన్నాను.

జీపు వెళ్లాక ఇంటావిడ గిన్నె కడిగి లోపలికి తీసుకెళ్లింది. "ఇంకోటి తెచ్చుకోరాదూ," అంది. ఊరకుక్కల పిల్లలు బజారు నిండా ఉన్నాయి. తెచ్చుకోలేదు. కొన్నాళ్లపాటు తాళం తీసే ముందు ఒక్క క్షణం ఆగేదాన్ని.

మరుసటి ఏడాది పశువైద్య శిబిరం కోసం మిర్యాలగూడ వెళ్లాను. తిరిగివచ్చేటప్పుడు ఆ మిల్లు ముందునుంచి నడిచాను. గేటు లోపల, వడ్ల బస్తాల పక్కన అది నిలబడి ఉంది. రెండు చెవులూ నిటారుగా లేచాయి. హమాలీలు ఒకరొకరుగా దాని తల తడుముతూ పోతున్నారు. నన్ను చూసి మొరిగింది. గేటు దగ్గరికి వెళ్లి పిలిస్తే గుర్తుపట్టేదేమో. గుర్తుపట్టకపోతే ఏం చేయాలో తెలియక రోడ్డు అవతలివైపుకు దాటాను. కోదాడ బస్సు సగం ఖాళీగా వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీటులోకి ఊరు దాటేదాకా ఎవరూ రాలేదు.