ఓబుళేసు బిగించిన ఆరని దీపం

కరెంటు ఓబుళేసు మాట పడే మనిషి కాడు. పస్తుండమంటే ఉంటాడు గానీ, "నీ పని బాగలేదప్పా" అంటే మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడడు. శింగనమల బస్టాండు పక్కన రేకుల షెడ్డు అతనిది. మొదట్లో బోరుమోటార్లకు వైండింగు కట్టేవాడు. వానల్లేని ఏళ్ళలో అడుగంటిన బోర్లను పట్టుకుని రైతులు మోటార్లు తిప్పి తిప్పి కాల్చుకునేవాళ్ళు. కరువులో కూడా తన పొయ్యి ఆరలేదంటే అదే కారణమని చెప్పడానికి ఓబుళేసుకు ఇప్పటికీ నోరు రాదు. ఆ తరువాత ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు వచ్చాయి. ముప్పై రెండేళ్ళలో సెల్ఫ్ మోటారు గొంతు విని రోగం చెప్పగలిగే చెవి వచ్చిందతనికి.

ఇంతలో ఊళ్ళోకి కరెంటు కార్లు దిగాయి. పొగ లేదు, చప్పుడు లేదు, సెల్ఫ్ మోటారు అసలే లేదు. "ఇంగ నీ షెడ్డుకు తాళమే ఓబుళేసూ" అని టీ బంకు దగ్గర జనం ఆట పట్టించారు. పైకి నవ్వినా ఆ మాట లోపల ముల్లులా గుచ్చుకుంది. అందుకే అనంతపురంలో ఎవరో ఒకరోజు శిక్షణ పెడితే, యాభై ఎనిమిదేళ్ళ వయసులో కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని వచ్చాడు. నారింజరంగు వైర్ల జోలికి పోకూడదు, వాటిలో పారేది ప్రాణం తీసే కరెంటు అని ఆరోజే నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

అతని చేతికి వచ్చిన మొదటి కరెంటు కారు జయంతిది. నలభై దాటిన మనిషి. మొగుడు సేద్యం చేస్తుంటే ఆమె ఈ కారు కొని, శింగనమల టీచర్లను రోజూ అనంతపురం నుంచి తీసుకొచ్చి దింపే పని పెట్టుకుంది. ఆడమనిషి టాక్సీ ఏమిటని మొదట్లో ముఖం మాడ్చుకున్న అత్త సిద్దమ్మే, కారు ఇంటికొచ్చాక దాన్ని చూసి మురిసిపోయింది. కదిరి నరసింహస్వామి పటం కొనుక్కొచ్చి ముందు అద్దం కింద పెట్టించింది. పటం చుట్టూ ఎర్రటి చిన్న లైట్లు, కింద సన్నగా మంత్రం వినిపించే పెట్టె.

"సామి ముందర దీపం ఆరగూడదు. తాళం తీసినా ఎలగాల" అని సిద్దమ్మ పట్టుబట్టింది.

"దానికేముందవ్వా" అని ఓబుళేసు బానెట్ ఎత్తి, లోపల ఉన్న చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీకే నేరుగా రెండు వైర్లు లాగి, ఫ్యూజు కూడా పెట్టి, జాయింటుకు నల్ల టేపు తన పద్ధతిలో ఏటవాలుగా చుట్టాడు. పని శుభ్రంగా వచ్చింది. ఎనిమిది నెలలు స్వామి ముందు దీపం ఆరలేదు. జయంతి రోజూ కారు తిప్పేది కాబట్టి ఎవరికీ ఏ చిక్కూ తెలియలేదు.

మొన్న ఆ ఇంటి దాయాదుల్లో పెద్దాయన పోయాడు. పదిరోజులు మైల. మైలలో దేవుణ్ణి ముట్టుకోకూడదు కదా! దేవుడేమో కారులో ఉన్నాడు. అందుకని సిద్దమ్మ కారునే ముట్టుకోనివ్వలేదు. జయంతి నిండా ఛార్జి పెట్టి వేపచెట్టు కింద నిలిపి, టీచర్లకు వేరే బండి కుదిర్చి, పదిరోజులు తలుపు కూడా తీయలేదు. మన పద్ధతులు మనకు ఎక్కడెక్కడ అడ్డం తగులుతాయో చూడండి!

పదకొండో రోజు పొద్దున తలంట్లు పోసుకుని, ఇల్లు కడుక్కుని, జయంతి రిమోటు నొక్కింది. కారు ఉలకలేదు, పలకలేదు. ఛార్జరు తెచ్చి గుచ్చింది. అదీ ఎక్కలేదు. ఆమె మరిది గంగాధర్‌కు ఇలాంటి సమయం కోసమే చూస్తున్నట్టు నోరు లేచింది.

"నేను అప్పుడే చెప్పలేదా వదినా, డీజిల్ బండి తీసుకోమని? నిండా ఛార్జి ఉండాది అంటావు, తలుపు గూడా తెరుసుకోదు. అనంతపురానికి ఫోన్ చేసినా. లారీ వస్తాండాది. ఎత్తుకోని పోయి షోరూంలో పడేస్తారు" అన్నాడు.

షోరూంకు పోతే ఎన్నాళ్ళు ఉంచుకుంటారో తెలియదు. టీచర్లు ఇంకో బండికి అలవాటు పడిపోతారు. జయంతి వెంటనే ఓబుళేసుకు ఫోన్ చేసింది.

"అన్నా, లారీ వచ్చేలోపల ఒక్కసారి చూస్తావా?"

ఓబుళేసు మంచి బ్యాటరీ ఒకటి గోనెసంచిలో చుట్టి, మోపెడ్ మీద ముందు పెట్టుకుని వచ్చాడు. రిమోటు లోపల దాగి ఉండే ఇనుప తాళంచెవి బయటికి లాగి, డ్రైవరు తలుపు తెరిచాడు. లోపల ఒక్క లైటూ వెలగలేదు. స్వామి ముందు దీపం కూడా లేదు. అది చూసి అతను గబగబా కారు ముందుకు పోయాడు.

బానెట్ ఎత్తి చిన్న బ్యాటరీకి మీటరు పెట్టాడు. పన్నెండున్నర ఉండాల్సిన చోట నాలుగు చూపించింది. పక్కనే నల్ల టేపు, ఏటవాలు చుట్టు. ఆ చేతిపని ఎవరిదో ఊళ్ళో ఇంకెవరికీ తెలియకపోయినా ఓబుళేసుకు తెలుసు.

కారు దగ్గర అతనొక్కడే ఉన్నాడు. సిద్దమ్మ వసారాలో, గంగాధర్ రోడ్డు మీద లారీ కోసం చూస్తూ, జయంతి నీళ్ళు తేవడానికి లోపలికి పోయి ఉన్నారు. వైరు కత్తిరించి జేబులో వేసుకుంటే మూడు నిమిషాల పని. కారు లేస్తుంది, పేరొస్తుంది. చెబితే? "కరెంటు కారును ఓబుళేసు చెడగొట్టినాడంట" అని బస్టాండంతా మోగుతుంది. మండలంలో ఉన్న నాలుగు కరెంటు కార్లలో ఒక్కటి కూడా ఇక అతని షెడ్డు వైపు తిరగదు. చేతిలో కటింగ్ ప్లేయరు పట్టుకుని అతను అలాగే నిలబడ్డాడు. 

"సచ్చినాదా అన్నా?" జయంతి చెంబుతో వచ్చింది.

"లేదమ్మా. లేస్తాది" అన్నాడు. ముందు కారు లేపుదాం, మిగతాది తరువాత అనుకున్నాడు.

తెచ్చిన బ్యాటరీ ప్లస్సును ప్లస్సుకు కలిపాడు. మైనస్సును కారు ఇనుముకు బిగించాడు. పది నిమిషాలు ఆగమన్నాడు. గంగాధర్ వచ్చి నవ్వాడు.

"ఇంత పెద్ద బ్యాటరీ కిందుండంగా, ఈ పిల్ల బ్యాటరీ ఏం లేపుతాదప్పా?"

"పిట్ట కొంచెం కూత ఘనం గంగాధరా. నీ బోరు కాడ స్టార్టరు డబ్బా ఉండాది గదా. మూడు ఫేజుల కరెంటు వాకిట్లోనే ఉంటాది. అయినా డబ్బాలో చిన్న కాయిల్ లాగితేనే కాంటాక్టులు అతుక్కోని మోటరు తిరుగుతాది. ఆ కాయిల్ పోతే?"

"మోటరు ఎట్ల తిరుగుతాది, తిరగదు."

"ఇదీ అంతే. కింద పెద్ద బ్యాటరీ నిండా ఉండాది. దాన్ని కారుకు కలిపే స్విచ్చిని లాగేది ఈ చిన్నదే. తలుపు తాళం, లైట్లు, లోపలి కంప్యూటరు, ఛార్జరు పెడితే గుర్తుపట్టేది, అన్నీ దీని మీదనే. ఇది పడుకుంటే అదీ పడుకుంటాది."

జయంతి సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి బటన్ నొక్కింది. టిక్కున లోపలేదో అతుక్కున్న చప్పుడు. ముందు తెర వెలిగింది. ఛార్జి తొంభై ఏడు. పచ్చటి అక్షరాల్లో కారు సిద్ధమని చూపించింది. "ఓయమ్మా!" అని ఆమె స్టీరింగును రెండు చేతులా పట్టుకుని నవ్వింది. ఓబుళేసు మీటరు పెడితే పద్నాలుగు దాటింది. పెద్ద బ్యాటరీ ఇప్పుడు చిన్నదాన్ని నింపుతోంది. తెచ్చిన బ్యాటరీని విప్పేశాడు.

గంగాధర్ మాట మార్చడంలో ఘటికుడు. "ఓబుళేసన్నా, నువ్వు మామూలోనివి కాదు! కంపెనీవాళ్ళే నాసి బ్యాటరీ పెట్టింటారు. వాళ్ళను అడగాల్సిందే" అని వీపు తట్టాడు.

నిజం చెప్పాలంటే ఓబుళేసుకు ఆ తట్టడం హాయిగానే అనిపించింది. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ అతని చూపు మళ్ళీ ఆ టేపు మీదికే పోయింది. దీపం వైరు ఫ్యూజు తీసి, ఆ చోట మీటరు కలిపి, అందులో పారే కరెంటు అందరికీ కనిపించేట్టు పట్టుకున్నాడు.

"కంపెనీని ఏమనొద్దప్పా. తప్పు నాది" అన్నాడు. "సామి దీపానికి నేను లాగిన వైరిది. గంటకింత అని రాత్రీ పగలూ తాగుతానే ఉండాది. కారు నడిస్తే పెద్ద బ్యాటరీ నింపుతాంటాది, లెక్క తెలీదు. నిలబడితే నింపేటోడు లేడు. తొట్టికి నీళ్ళు రాకుండా కొళాయి కారతాంటే ఏమైతాది? నాలుగు రోజుల్లో ఖాళీ. మీరు పదిరోజులు నిలబెట్టినారు. పాటలపెట్టైనా, కెమెరా అయినా అంతే, బండి ఆపినాక నడిచేదేదీ దీనికి నేరుగా కట్టగూడదు. ఆ పొద్దు నేను ఆలోచన చేయలేదు."

గంగాధర్ ముఖం ఎర్రబడింది. "అంటే ఇంతసేపు మమ్మల్ని ఏడిపించింది నువ్వా?"

ఓబుళేసు తలొంచుకున్నాడు. "బ్యాటరీ అడుగంటా పోయినాది. ఛార్జి పెట్టి చూస్తా. పట్టకుంటే కొత్తది నేనే వేస్తా."

సిద్దమ్మ వసారా నుంచి లేచి వచ్చింది. ఆమె దిగులు వేరే. "వైరు పీకేస్తే నా సామి చీకట్లో ఉండాల్నా?"

"అవ్వా, కదిరి గుళ్ళో రాత్రి తలుపులేసి సామిని పండుకోబెట్టరా? కారు లేస్తే దీపం ఎలిగేట్టు, నిలిస్తే ఆరేట్టు కడతారు. నీ సామి పగలంతా అనంతపురం దాకా తిరుగుతాండాడు. రాత్రికన్నా నిద్రపోనీ."

 "అవును, ఆయప్పకూ అలుపుంటాది" అని సిద్దమ్మ బోసినోటితో నవ్వింది. "రా, కాళ్ళు కడుక్కోని ఇంత ఉగ్గాని తినిపో."

ఓబుళేసుకు తినబుద్ధి కాలేదు. సామాన్లు సంచిలో సర్దుకున్నాడు. "వైరు కథ నువ్వు చెప్పకుంటే మాకు తెలిసేదే కాదు గదన్నా" అంది జయంతి.

"మళ్ళా ఇంట్లో ఏ మైలో వచ్చి కారు నిలిస్తే? ఇట్లనే పడుకునేది గదా!" అన్నాడతను. "దీపం పని అనంతపురంలో చేయించుకోమ్మా. నా చేతి మీద మీకింగ నమ్మకం ఉండదు."

గంగాధర్ లారీవాడికి ఫోన్ చేసి వద్దని చెబుతూనే, "అవును వదినా, అనంతపురంలోనే చేయించు. మళ్ళా ఈయప్ప చేతికేనా?" అన్నాడు.

జయంతి కారు పక్క తలుపు తెరిచింది. "కూసోన్నా, షెడ్డుకు పోదాం. మోపెడ్ మా మరిది తెస్తాడు" అంది. తరువాత మరిది వైపు తిరిగి, "తప్పు యాడుండాదో తెలిసినోనికి గాకుంటే ఇంకెవురికిస్తాం?" అని కారు కదిలించింది.