లాగ్‌లో సున్నా

హిందూపురంలో కంప్యూటర్లు రిపేరు చేసే చిన్న అంగడి నడిపిన రోజుల్లో నేను నెలకొకసారి ధర్మవరం పోయి వచ్చేవాణ్ని. అక్కడ పట్టుచీరలకు డిజైన్లు గీసే ఒక పెద్దాయన ఉండేవాడు. అంచులో హంస మెడ ఎక్కడ వంగాలో, కొంగులో మామిడిపిందె తోక ఎన్ని పోగుల మీద తిరగాలో గళ్ల కాగితం మీద చుక్కచుక్కగా నింపడం ఆయన పని. ఆ గళ్లను చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. అట్టలు మగ్గం పైనున్న జకార్డులోకి ఎక్కితే, బెజ్జాన్ని బట్టి పోగులు లేస్తాయి.

షుగరు వల్ల ఆయన కళ్లు మసకబారుతూ వచ్చాయి. కొడుకు చీరల మూటతో ఊళ్లు తిరిగేవాడు. కోడలు పది దాకా చదివింది. ఆ పిల్లే కంప్యూటర్ నేర్చుకుని గళ్లు నింపడం మొదలుపెట్టింది. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని, ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చెప్పేవాడు.

“ఆ ముక్కు కాడ ఇంగొగ గడి తియ్యమ్మా. హంస మాదిరి లేదు, కోడి మాదిరి ఉండాది.”

ఆమె నవ్వుతూ తీసేసేది.

బ్యాకప్ పెట్టమని అడిగింది ఆమే. విండోస్ ఎక్స్‌పీ మిషను అది. లోపల రెండో హార్డ్ డిస్క్ బిగించాను. సి డ్రైవ్‌లోని డిజైన్ల ఫోల్డర్‌లో కొత్తవీ మారినవీ మాత్రం ఆ రెండో డిస్కులోకి ఎక్కించమని ఒక బ్యాచ్ ఫైలు రాశాను. కంట్రోల్ ప్యానెల్‌లో షెడ్యూల్డ్ టాస్క్స్ తెరిచి, రోజూ రాత్రి తొమ్మిదింటికి అది నడిచేట్టు పెట్టాను. వాళ్లు మిషను ఆపేది తొమ్మిదిన్నరకు.

మొదటి రాత్రి అది నడవలేదు. మరుసటి రోజు మళ్లీ పోయి, షెడ్యూలర్ తన పని రాసుకునే లాగ్ తెరిచి చూస్తే ఎర్రర్ రాసి ఉంది. ఆ యూజర్‌కు పాస్‌వర్డ్ లేదు. ఖాళీ పాస్‌వర్డ్‌తో షెడ్యూలర్ పని మొదలుపెట్టదు. ఆమెతో పాస్‌వర్డ్ పెట్టించి, టాస్కులో కూడా అదే కొట్టించాను. ఆ రాత్రి నుంచి టాస్కు నడిచింది. లాగ్‌లో మొదలైన టైమూ, ముగిసిన టైమూ, కింద ఎగ్జిట్ కోడ్ సున్నా. సున్నా అంటే పని సవ్యంగా ముగిసిందని ఆమెకు చెప్పాను. లాగ్ ఒకసారి నిజం చెప్పింది కదా, ఇక ఎప్పుడూ చెబుతుందనుకున్నాను.

తర్వాత నెలనెలా పోయి ఆ లాగే చూసేవాణ్ని. చివరి వరుసల్లో సున్నా ఉందా, ఉంది. ఆమె ఇచ్చిన కాఫీ తాగి రైలెక్కేవాణ్ని. రెండో డిస్కు తెరిచి లోపల ఏముందో ఒక్కసారీ చూడలేదు. ఒక్క నిమిషం పని అది.

ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది. “అన్నా, డిజైన్లు తెరుచుకోలేదు. ఫార్మాట్ చేయల్లా అని అడుగుతాండాది. లోపల టకటకమంటాండాది.”

“ఏమీ నొక్కొద్దమ్మా. భయం లేదు, రెండో డిస్కులో అన్నీ ఉంటాయి” అన్నాను. ధైర్యంగా అన్నాను.

నేను పోయేసరికి పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. మిషను ఆన్ చేశాను. మొదటి డిస్కులోని రెండు భాగాల్లో సి తెరుచుకుంది, డి తెరుచుకోలేదు. రెండో డిస్కులోని ఫోల్డర్ తెరిచి తేదీల వరుసలో పెట్టాను. అన్నిటికంటే కొత్త ఫైలు పద్నాలుగు నెలల కిందటిది.

మళ్లీ చూశాను. అదే తేదీ.

“ఈ మధ్య చేసినవి ఎక్కడ పెడుతున్నావమ్మా?”

“సి నిండిపోయిందన్నా. డి లో కొత్త ఫోల్డర్ చేసి ఆడ పెడ్తాండా. బ్యాకప్ ఎట్లాగూ అన్నీ ఎత్తుకుంటాది గదా అని…”

టాస్కు మాత్రం రోజూ రాత్రి తొమ్మిదింటికి సి లోని పాత ఫోల్డర్ దగ్గరకే పోయింది. కొత్తదేదీ కనిపించలేదు. కాపీ చేయడానికి ఏమీ లేకపోవడం తప్పు కాదు కాబట్టి సున్నా రాసి ముగించింది. లాగ్ తెరిచాను. మొదలైంది తొమ్మిది గంటలకు, ముగిసింది ఒక్క సెకను తర్వాత. ప్రతి రాత్రీ అంతే. మొదట్లో ఒకటి రెండు నిమిషాలు పట్టేది, నేనే చూశాను. ఎప్పటి నుంచి సెకనుకు పడిపోయిందో వెతుకుదామంటే ఆ లాగ్‌కు ఒక కొలత ఉంది. నిండితే పాత వరుసల మీదే మళ్లీ రాసుకుంటుంది. రెండు మూడు నెలల ముందుది ఏదీ మిగల్లేదు.

“యాడికి పోయినాయప్పా?” అని అడిగాడు పెద్దాయన.

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పలేదు. “ఫోల్డర్ మార్చిందంట. నాకు చెప్పలేదు” అన్నాను.

ఆయన కోడలి వైపు తిరిగాడు. ఆమె తలుపు పట్టుకుని నిలబడి, “నాకు తెల్లేదు మామా” అని ఒక్కసారి అంది. ఆ పద్నాలుగు నెలల్లోనే ఆయన చూపు దాదాపు పోయింది. కళ్లలో మిగిలిన వెలుగుతో చెప్పించుకున్న డిజైన్లన్నీ ఆ డి లో ఉన్నాయి. వాటిలో అప్పటికి అట్టలు కొట్టించి దక్కినవి నాలుగే.

చేతకాక ఇంకో తప్పు చేశాను. మధ్యాహ్నం దాకా డిస్కును ఆపి, ఆన్ చేసి, మళ్లీ ఆపి చూస్తూ కూర్చున్నాను. తర్వాత దాన్ని బెంగళూరు తీసుకుపోయాను. అక్కడ డేటా తీసే అతను నాలుగు రోజులు ఉంచుకుని, తిరిగిన ప్రతిసారీ డిస్కు మీద గీతలు పడ్డాయన్నాడు. “ఇట్లా శబ్దం వచ్చినాక ఎన్నిసార్లు తిప్పినారు?” అని అడిగాడు.

తిరుగు రైల్లో హిందూపురంలో దిగలేదు, నేరుగా ధర్మవరం పోవాలనుకున్నాను. పెనుకొండ వచ్చేసరికి వాళ్ల ముందు నిలబడే ధైర్యం చాలక దిగిపోయాను. స్టేషన్ బయటి టెలిఫోన్ బూత్ నుంచి ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది.

“రాలేదమ్మా.”

“ఒగటి గూడా రాలేదా అన్నా?”

“రాలేదు.”

“మామకు నేనెట్ల చెప్పాల? ఆయప్ప పొద్దున్నించి గేటు కాడనే ఉండాడు.”

“బస్సొచ్చింది, పెట్టేస్తా” అన్నాను. ఏ బస్సూ రాలేదు.

ఆరేడు నెలలు ధర్మవరం వైపు పోలేదు. పోయినప్పుడు ఆ గదిలో కంప్యూటర్ లేదు. పెద్దాయన మంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కన కూర్చుని, ఆ రోజు చెప్పనిది చెప్పాను. ఆ పిల్ల తప్పు కాదని, నెలనెలా వచ్చి సున్నా చూసిపోయింది నేనని, లోపల ఫైళ్లు ఉన్నాయో లేవో చూడటం నా పని అని.

ఆయన నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

“ఇప్పుడు చెప్తాండావా అప్పా” అన్నాడు. “నువ్వు పోయినాక మళ్లా గీద్దామని కూచున్యాం. నేను గడి చెప్పేది, ఆ పిల్ల పెట్టేది. నాకేమో కనపడదు. ఏమన్నా అంటే ఆ పిల్ల తన తప్పే అని ఏడ్సేది. ఒగ హంస గూడా కాలేదు. ఆమె ఇంగ నేను ముట్టను అనేసె. ఆ పొద్దే చెప్పింటే…”

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

లోపలి గదిలో ఆమె మగ్గం గుంతలో కూర్చుని నేస్తోంది. వేరెవరో గీసిన అంచు. నన్ను చూసి మగ్గం ఆపింది. ఆమెకూ చెప్పాను. తల వంచుకుని విన్నది.

“సరేలే అన్నా” అంది. కాలు మళ్లీ తొక్కుడు కర్ర మీద పెట్టింది. నేను ఇంకేమైనా అంటానని కాసేపు చూసి, పోగుల మధ్యకు నాడె విసిరింది.