డ్రైవర్ వచ్చి తీసుకెళ్లిన కారు

సర్వీస్ సెంటర్ నుంచి మెసేజ్ వచ్చింది. రేపు ఉదయం పది గంటలకు మీ కారు సర్వీసింగ్‌కు స్లాట్ ఖరారైంది, సుమారు నాలుగు గంటలు పడుతుంది, మా డ్రైవరే వచ్చి తీసుకెళ్లి మళ్లీ ఇంటికి చేర్చాలంటే ఒకటి, మీరే తెస్తే రెండు అని బదులివ్వండి అని. మిరపకాయల సీజన్లో గుంటూరు ట్రాఫిక్‌లో పడటం నా వల్ల కాదని ఒకటి కొట్టాను.

మర్నాడు డ్రైవర్ ఆటోలో వచ్చాడు. కారు చుట్టూ ఫొటోలు తీసుకుని, నా ఫోనుకొచ్చిన ఓటీపీ అడిగి, ఎక్కి కూర్చుని ఏసీ వేశాడు. వీధి మలుపు కూడా దాటలేదు. కారాపి కిందికి దూకి, ఒకటే తుమ్ములు.

"ఏం పెట్టారండీ దీంట్లో?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

వారం రోజులుగా వెనక సీటు మీద ఎండుమిరపకాయల బస్తాలు మిర్చి యార్డుకు మోస్తున్నాను. మా ఇంట్లో అందరి ముక్కులూ అలవాటు పడిపోయాయి, ఘాటున్న సంగతే తెలియదు.

"మాది చీరాలండి, ఈ ఘాటు అలవాటు లేదు. నా వల్ల కాదు. కారు మీరు తోలండి, నేను మీ ఇంటి ముందున్న స్కూటర్ మీద వెనకాలే వస్తా."

చేసేదేముంది, ఆ ట్రాఫిక్‌లో నేనే తోలాను. సర్వీస్ సెంటర్లో కారు నిలిపేసరికి ఫోను మోగింది. "మా డ్రైవర్ మీ కారును జాగ్రత్తగా తీసుకొచ్చారు. వారి డ్రైవింగ్‌కు రేటింగ్ ఇవ్వండి."

అతను ఎర్రటి కళ్లతో స్కూటర్ దిగి, "ఐదు స్టార్లు కొట్టండి సార్" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. అయినా ఐదూ కొట్టాను. తోలింది నేను కదా, ఒక స్టారు తగ్గించుకోవడానికి మనసొప్పలేదు.