ముగ్గురికీ మీ ప్రశ్నే గొప్పది

ఆయన్ని పేటలో అందరూ తేనెనోటాయన అనేవారు. బూట్ల షాపులో సేల్స్‌మన్. చిన్న పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ళ పాదం ఒళ్ళో పెట్టుకుని, "ఇది మీ కాలు చూసి కుట్టినట్టుంది" అనేవాడు. అదే బెంచీ మీద పక్కనున్నావిడతో మళ్ళీ అదే మాట అనేవాడనుకుంటున్నారా? ఛ, అంత తక్కువ వాడా? ఆవిడకి ఇంకో మాట, ఆవిడ మొగుడికి మరో మాట. అందరినీ బుట్టలో వేసుకునేవాడు గానీ, ఒకే బెంచీ మీద ఒకే మాట రెండుసార్లు వాడిన పాపాన పోలేదు.

అలాంటిది, ఓనరు షాపు అమ్మేసి చక్కా పోయాడు. యాభై దాటిన మనిషిని ఎవరు తీసుకుంటారు? ఎక్కడికి వెళ్ళినా "కబురు చేస్తాం" అన్నవాళ్ళే. ఇల్లు, స్కూలు ఆఫీసులో క్లర్కుగా చేసే భార్య జీతం మీద కుంటుతోంది. చివరికి ఒక పెద్ద బూట్ల షోరూమువాళ్ళు సూపర్‌వైజరు పోస్టుకి పిలిచారు. బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు: మేనేజరు, కొత్తవాళ్ళకి పని నేర్పే మేడమ్, అకౌంట్స్ చూసే పెద్దాయన. వస్తూ వస్తూ ముగ్గురి విజిటింగ్ కార్డులూ అడిగి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే భార్య కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "ఒక్కొక్కళ్ళకీ విడిగా థాంక్స్ మెయిల్ రాయండి, అందరికీ ఒకటే పంపకండి" అని ఆవిడే చెప్పి స్నానానికి వెళ్ళింది. మనవాడికి అదొక లెక్కా? గొడవపడే కస్టమర్ గురించి అడిగిన మేనేజరుకి, "మీరడిగినటువంటి ప్రశ్న నా సర్వీసులో ఎవరూ అడగలేదు" అని కొట్టి పంపేశాడు. మేడమ్‌కి, "అడిగినవాటన్నిటిలోకీ నన్ను ఆలోచనలో పడేసింది మీ ప్రశ్నే" అని పంపేశాడు. పెద్దాయనకి, "మిగతావన్నీ ఒక ఎత్తు, మీ ప్రశ్న ఒక్కటే ఒక ఎత్తు" అని మొదలుపెట్టి, తన తెలివికి తనే మురిసిపోతూ భార్యని పిలిచాడు.

ఆవిడ జుట్టు తుడుచుకుంటూ మూడూ చదివింది.

"మాట మార్చారు గానీ సంగతి మార్చలేదు. ముగ్గురిదీ గొప్ప ప్రశ్నేనా?"

"ఎవరిది వాళ్ళే కదా చదువుకునేది."

"మా స్కూల్లో ఇంటర్వ్యూ అయ్యాక ఇలాంటివన్నీ ఒకే ఫైల్లో పెట్టేది నేనే. ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని చూస్తారు. కొంప ముంచారు."

ఆయనకి అప్పుడు వెలిగింది. నిజమే, బెంచీ మీద కూర్చున్న కస్టమర్లు ఎవరి డబ్బా వాళ్ళు పట్టుకుని ఇంటికి పోతారు. వీళ్ళు మాత్రం చివరిదాకా కలిసే ఉంటారు. పంపిన రెండూ వెనక్కి రావు. భయం వేసింది, గట్టిగానే వేసింది.

"పెద్దాయన ఏమడిగారు?" అంది భార్య.

"స్టాకులో ఒంటి బూటు కనబడితే ఏం చేస్తావన్నారు. దానికో సంబంధం చూస్తానన్నాను. మిగతా ఇద్దరూ నవ్వారు, ఆయన నవ్వలేదు."

"మరి అసలు జవాబేంటి?"

చెప్పాడు. ఆవిడ "అదే రాయండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రాసిందంతా చెరిపేసి, బతుకులో మొదటిసారి తేనె లేకుండా రాశాడు.

"నమస్కారం. మిగతా ఇద్దరిలో ఎవరికి వాళ్ళకి 'మీ ప్రశ్నే గొప్పది' అని ఇప్పటికే రాసేశాను, కాబట్టి మీకు ఆ మాట మిగల్లేదు. మీ ప్రశ్నకి నేను జోకు వేసి తప్పించుకున్నాను. ఒంటి బూటు కనబడితే ముందు అద్దాల అరలో చూడాలి, అక్కడ ఒక కాలిదే పెడతాం. అక్కడ లేకపోతే ఆ మోడల్ డబ్బాలన్నీ విప్పి, సైజులు కలిసిపోయాయేమో చూడాలి. అప్పటికీ దొరక్కపోతే ఎవరికో తప్పు జత అమ్మినట్టే. బిల్లు చూసి, వాళ్ళు రాకముందే మనమే ఫోన్ చెయ్యాలి. ఓపిగ్గా విన్నందుకు థాంక్స్."

ఆ వారంలోనే పెద్దాయన ఫోన్ చేశాడు.

"ఎవరి ప్రశ్న గొప్పదని మావాళ్ళిద్దరూ కాసేపు వాదించుకున్నారయ్యా. తర్వాత నాకొచ్చింది చదివి వినిపించాను."

"నవ్వారా సార్?"

"మేడమ్ నవ్వింది. మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. నిన్ను కస్టమర్ల దగ్గరికి రానివ్వనన్నాడు. వెనక స్టాకు గది సూపర్‌వైజరు పని ఉంది, జీతం అదే. అక్కడ పొగడ్డానికి డబ్బాలు తప్ప ఎవరూ ఉండరు. వస్తావా?"

"వస్తాను సార్" అన్నాడు.

వంటింట్లో భార్య వీపు కనబడుతోంది. ఆమెతో అనడానికి తియ్యటి మాటలు నాలుక మీదికి వచ్చాయి. అన్నీ ఎప్పుడో ఎవరికో ఒకరికి అమ్మేసినవే. అన్నీ మింగేశాడు.

"ఉద్యోగం వచ్చింది. నువ్వు చెప్పకపోతే వచ్చేది కాదు."

ఆవిడ వెనక్కి తిరిగి ఆయన ముఖం కాసేపు పరీక్షగా చూసింది.

"ఇది ఇంకెవరికైనా పంపారా?"

"లేదే, నీ ఒక్కదానికే."

ఆవిడ స్టవ్ కట్టేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.