రూట్ మూడు పెట్టుకున్న టోపీ

రామచంద్రపురం దగ్గర ఒక హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతాను. నేను చాలా గొప్ప టీచర్నని ఆ నెల దాకా నాకు గట్టి నమ్మకం. దానికి ఆధారం నేను కట్టిన పాట. "ఒకటీ ఒకటీ రూట్ రెండూ, ఒకటీ రూట్ మూడూ రెండూ." చదరాన్ని మూల నుంచి మూలకు కోస్తే వచ్చే త్రిభుజానికి మొదటి చరణం, సమబాహు త్రిభుజాన్ని సగానికి కోస్తే వచ్చేదానికి రెండోది. పిల్లలు రాగం తప్పకుండా పాడేవారు. బొమ్మ గీసి ఏ భుజం మీద ఏ అంకె వెయ్యాలో అడిగితే మాత్రం రాగమే మిగిలేది.

మూడో బెంచీలో ఒక అమ్మాయి ప్రతిసారీ రూట్ మూడుని తీసుకెళ్లి కర్ణం మీద పెట్టేది.

"అదెందుకే అక్కడ?" అన్నాను.

"అన్నింటికన్నా పెద్దది కదండి మేడం."

"రెండు కన్నా రూట్ మూడు పెద్దదా?"

"టోపీ పెట్టుకుంది కదండి."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. రూట్ మూడంటే 1.732 అని బోర్డు మీద రాసి, ఆ పిల్ల చేత పాట పదిసార్లు పాడించాను. బోధన అంటే అదేనని అప్పటి నా అభిప్రాయం.

ఆ మధ్యాహ్నమే స్కూల్లో సైకిల్ షెడ్డు వేస్తున్నారు. గోడ నుంచి రెండడుగులు బయటకు వచ్చే అడ్డకడ్డీకి కింద నుంచి ఏటవాలుగా ఒక ఊత వెయ్యాలి. గోడ మీద కూడా రెండడుగుల కిందికే గుర్తు పెట్టారు. వెల్డింగ్ ఆయన టేపు లాగి ముప్పై నాలుగు అంగుళాల దగ్గర సుద్దతో గీత గీస్తున్నాడు. నేను పదో తరగతి పిల్లల్ని వెంటేసుకుని వెళ్లాను, లెక్కలు జీవితంలో ఎలా ఉపయోగపడతాయో చూపిద్దామని. చూపించాను కూడా.

"ముప్పై నాలుగు ఎలా వచ్చిందండి?" అన్నాను.

"ఎప్పుడూ అంతేనండి మేడం గారూ."

"అలా ఉజ్జాయింపుగా కాదండి. రూట్ మూడుతో హెచ్చవేయాలి. నలభై ఒకటిన్నర."

పొద్దుటి నుంచీ రెండో చరణమే పాడించానేమో, నోట్లో అదే ఆడుతోంది. ఆయన నన్ను ఒకసారి, కడ్డీని ఒకసారి చూశాడు. "చదువుకున్నోళ్లు చెబుతున్నారు" అని కట్ చేశాడు. పెట్టి చూస్తే ఊత అడ్డకడ్డీని దాటి ఏడున్నర అంగుళాలు ముందుకు పొడుచుకొచ్చింది. పిల్లలు చాలా మర్యాదస్తులు. ఎవరూ నవ్వలేదు, అందరూ తమ చెప్పుల వైపు చూసుకున్నారు.

"రెండు వైపులా అడుగు అడుగు ఉంటే ఏటవాలు పదిహేడు అంగుళాలండి," అన్నాడాయన మెల్లగా. "రెండడుగులైతే దానికి రెట్టింపు."

పన్నెండుని రూట్ రెండుతో, అంటే 1.414తో హెచ్చవేశాను. 16.97. ఇన్నేళ్లలో నాకు తట్టని చిట్కా ఆయన టేపులో ఉంది. మొహం దాచుకోవడానికి, "మరి సమబాహు త్రిభుజానికో?" అని అడిగాను.

"అంటే ఏంటండి?"

"మూడు పక్కలూ సమానం."

"ఓ, పందిరి మీద పెట్టేదా! రెండడుగుల కడ్డీలు మూడు. మధ్యలో నిలువు ముక్క పావు తక్కువ ఇరవై ఒక్క అంగుళాలు." నేల మీద సుద్దతో గీసి చూపించాడు. నిలువు గీత కింది కడ్డీని సరిగ్గా సగం చేసింది.

మూడో బెంచీ అమ్మాయి వంగి చూసింది. "మేడం, కింద సగం పన్నెండు. ఏటవాలు ఇరవై నాలుగు, అంటే దానికి రెట్టింపు. రూట్ మూడు ఈ నిలువుదండి! మధ్యలోది. ఇది ఎక్కలేదు కదండి పెద్దదాని మీదకి."

పన్నెండుని 1.732తో హెచ్చవేస్తే 20.78. పావు తక్కువ ఇరవై ఒకటి. నేను పదిసార్లు పాడించినా ఎక్కనిది సుద్దముక్కతో రెండు నిమిషాల్లో ఎక్కింది. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక రెండూ పడ్డాను.

"మా క్లాసుకి వచ్చి ఒకసారి చెప్పకూడదాండి?" అన్నాను.

"నేనాండి? పదిలో లెక్కలే తప్పానండి," అని ఆయన నా పొడుగు ఊతలోంచి ఏడున్నర అంగుళాలు కోసేశాడు.

మర్నాడు అందరి చేతా కాగితాలు మడతపెట్టించాను. చదరం ఒకటి, సమబాహు త్రిభుజం ఒకటి. సగం భుజం ఒకటైతే నిండు భుజం రెండు, మిగిలింది పైథాగరస్ చూసుకుంటాడు: నాలుగులోంచి ఒకటి పోతే మూడు, దాని వర్గమూలం.

తర్వాతి పరీక్షలో ఆ అమ్మాయి కర్ణం మీద రెండు వేసి, పక్కన "24 అంగుళాలు" అని కూడా రాసింది. సిలబస్‌లో అంగుళాలు లేవు. మార్కులు మొత్తం ఇచ్చేశాను.