ఎర్ర చిగురు లేని సంచి

రాజాం బస్టాండు వెనక సందులో నరసింగరావు ప్రెస్సు ఉంది. ఆ ప్రెస్సు దారి అడిగితే, "ప్రసూనాంబగారు పని చేసేదా?" అని ఎదురడుగుతారు. యాభై నాలుగేళ్ల మనిషి, ఊదితే ఎగిరిపోయేట్టు ఉంటుంది. గొంతు మాత్రం గుడి గంట. తండ్రి వేంకటాచలంగారు గుడిలో పురాణం చెప్పేవారు. ఆయన పక్కన కూర్చుని విని విని ఆ గొంతు ఆవిడకు వచ్చింది. చదువు ఎనిమిదితో ఆగిపోయింది. అయినా అచ్చుతప్పు ఆవిడ కన్ను దాటిపోవడం ఈ ముప్ఫై ఏళ్లలో ఎవరూ చూడలేదు.

ఆవిడ తప్పులు పట్టే తీరే వేరు. కాగితం మీద స్కేలు అడ్డం పెట్టి, చివరి లైను నుంచి పైకి చదువుతుంది. "ముందునుంచి చదివితే కథలో పడిపోతాం. ఎనకనుంచి చదివితే మాట ఒక్కటే కనపడతాది" అంటుంది. అది అయ్యాక పక్కన ఎవరినో కూర్చోబెట్టి, పై నుంచి కిందకి గట్టిగా చదివించుకుని కళ్లు మూసుకుని వింటుంది. మొదటిది అక్షరం కోసం, రెండోది అర్థం కోసం. ఈ రెండోదాన్ని ఒకే ఒక్కసారి వదిలేసింది. ఆ ఒక్కసారి సంగతే ఇది.

ప్రెస్సుకి పెద్ద గిరాకీ ఐరావతం సీడ్స్ అనే కంపెనీ. విత్తనాలు అమ్ముతుంది, పశువుల దాణా కూడా అమ్ముతుంది. రెండూ ఒకేలాంటి సంచుల్లో వస్తాయి. పన్నెండేళ్ల కిందట పాతపట్నం దగ్గర లక్ష్మణమ్మ అనే రైతు ఇంట్లో దూడ చచ్చిపోయింది. మందు పట్టించిన మొక్కజొన్న విత్తనం మిగిలిపోతే కడిగి దానికి పెట్టిందట. కడిగితే రంగు పోతుంది గానీ మందు పోదు. సంచి మూతికి కుట్టిన చీటీ మీద విషమని రాసే ఉంది. లక్ష్మణమ్మకు చదువు రాదు.

ఆ కబురు ప్రెస్సుకి చేరినప్పుడు ప్రసూనాంబే కంపెనీవాళ్లకు చెప్పింది. విత్తనం సంచి మీద ఏనుగుని ఎర్రగా వెయ్యండి, దాణా సంచి మీద ఆకుపచ్చగా వెయ్యండి, చదువు రానివాడికి కూడా తెలుస్తుంది అని. వాళ్లు విన్నారు. ఆవిడ గొంతుతోనే మాట రికార్డు చేయించి రైతుల ఫోన్లకు పంపడం మొదలెట్టారు. "ఎర్ర ఏనుగు భూమికి, పచ్చ ఏనుగు పశువుకి. ఎర్ర ఏనుగు సంచిలో గింజ నోట పెట్టకండి, మేతలో కలపకండి. పచ్చ ఏనుగు సంచి నిశ్చింతగా మేతలో కలపండి." పాతపట్నం సంతకి వెళితే ఆడాళ్లు ఆవిణ్ణి గొంతుతో గుర్తుపట్టి "ఏనుగమ్మొచ్చింది" అనేవారు. ఆవిడకు అది పెద్ద బిరుదు కింద ఉండేది.

పోయిన వేసవిలో కంపెనీలో కొత్త భాగస్వాములు చేరారు. పేరు మారింది. ఇకనుంచి 'తొలిచిగురు అగ్రి'. ఏనుగు పోయి రెండాకుల చిగురు వచ్చింది. 'ఏనుగంత నమ్మకం' అనే పాత మాట పోయి 'గింజ నుంచి గాదె దాకా' అనే కొత్త మాట వచ్చింది. మోహనకృష్ణ అనే కుర్ర మేనేజరు ఒక జాబితా పట్టుకొచ్చాడు. కరపత్రాలు, డీలర్ల బోర్డులు, గోడ రాతలు, వెబ్‌సైటు, ఫోన్ మాటలు, మొత్తం అరవై మూడు. అన్నిట్లో పాత పేరు తీసి కొత్త పేరు పెట్టాలి. మూడు వారాల్లో, మృగశిర కార్తెలోపు అయిపోవాలి.

కంప్యూటరు మీద కూర్చునే ఝాన్సీకి నవ్వొచ్చింది. "పాత పేరు ఎతికి కొత్త పేరు పెట్టెయ్ అంటే రెండు నిమిషాల్లో మార్చేస్తాది పిన్నీ. దీనికి మూడు వారాలేటి?"

"మార్చెయ్, సూద్దాం" అంది ప్రసూనాంబ.

మార్చింది. ప్రసూనాంబ స్కేలు తీసింది. ఫొటోలో డీలరు తల వెనక బోర్డు మీద పాత పేరు అలాగే ఉంది, అది బొమ్మ కాబట్టి కంప్యూటరుకి కనపడలేదు. ఒకచోట 'ఐ.ఎస్.' అని పొడి అక్షరాలున్నాయి. మెయిల్ అడ్రసు ఇంగ్లీషులో పాతదే. ఇంకోచోట 'మా గజరాజును చూసి కొనండి' అని ఉంది. అందులో పాత పేరూ లేదు, ఏనుగన్న మాటా లేదు, ఏనుగు మాత్రం ఉంది.

"ఇదేటే ఝాన్సీ, గజరాజు ఏ అడవి నుంచి దిగాడు?"

"సచ్చాడు పిన్నీ. నాకు కనపడనే లేదు."

మార్చకూడనివి కూడా మారిపోయాయి. పదిహేనేళ్ల కిందట ఐరావతం సీడ్స్‌కి వచ్చిన బహుమతి తొలిచిగురుకి వచ్చినట్టయింది. "అప్పుడు ఈ పేరు పుట్టనే లేదు" అని వెనక్కి మార్పించింది. లైసెన్సు నంబరు పక్కన కూడా, కొత్త పేరుతో కాగితం వచ్చేదాకా పాత పేరే ఉంచమంది. మోహనకృష్ణ ఆశ్చర్యపోయి, "మీరు మా ఆఫీసులో ఉండాలమ్మా" అన్నాడు. ఆవిడ మొహం వెలిగింది.

చివరి రెండు రోజులూ ఊపిరాడలేదు. ఝాన్సీ ఈసారి తెలివిగా 'ఏనుగు' అన్నచోటల్లా 'చిగురు' పెట్టించింది. ఎర్ర ఏనుగు, పచ్చ ఏనుగు మాట ఉన్న జాగ్రత్తల కరపత్రం కూడా అందులో ఉంది. ఎర్ర ఏనుగు ఎర్ర చిగురయింది, పచ్చ ఏనుగు పచ్చ చిగురయింది. ప్రసూనాంబ చివరి లైను నుంచి పైకి చదివింది. ఒక్క అక్షరం తప్పులేదు. గట్టిగా చదివించుకుందామంటే ఝాన్సీ గొంతు పోయి ఉంది, బయట కంపెనీ ఆటో హారను కొడుతోంది. 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నమే మైకు ముందు కూర్చుని ఫోన్ మాట కొత్తగా చెప్పింది. "ఎర్ర చిగురు భూమికి, పచ్చ చిగురు పశువుకి."

వారం తర్వాత ఒక ఉదయం, పాలు తెచ్చుకుని వస్తూ గాంధీ బొమ్మ దగ్గర ఆగింది. ఎరువుల కొట్టు ముందు వ్యాను లోంచి కొత్త సంచులు దింపుతున్నారు. ఒక వరస విత్తనాలు, ఒక వరస దాణా. అన్నిటి మీదా చిగురే. అన్నీ ఆకుపచ్చే.

ఆవిడ రెండు వరసల మధ్యా అటూ ఇటూ నడిచింది. వంగి సంచి తిప్పి చూసింది. ఎరుపు ఎక్కడా లేదు. వంగినప్పుడు గిన్నెలో పాలు చీర మీద ఒలికాయి, చూసుకోలేదు. కొట్టువాడు "ఏటమ్మా, సంచి కావాలా?" అని అడిగితే వినపడనట్టు నడిచి వెళ్లిపోయింది.

మోహనకృష్ణకి ఫోన్ చేసింది.

"ఎర్ర చిగురు ఏదీ బాబూ? సంచి మీద లేదే."

"ఎరుపేంటమ్మా? చిగురు అన్నిచోట్లా ఒకే రంగు. కంపెనీకి ఒకే ముఖం ఉండాలని పైవాళ్ల నిర్ణయం."

"మరి కరపత్రంలో ఎర్ర చిగురని ఉన్నాది. ఫోన్లో నేను సెప్పాను."

అవతల కాగితాల చప్పుడు వినిపించింది. కరపత్రం వెతుకుతున్నట్టుంది. "మీరే సరిచూశానని సంతకం పెట్టారు కదమ్మా" అన్నాడు మెల్లగా.

"పెట్టాను. సంచి నాకు సూపించలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడది కాదు. పన్నెండేళ్లు పచ్చంటే మేతని మనమే నేర్పాం. ఇప్పుడు విషానికీ పచ్చే ఏశాం. ఆ ఫోన్ మాట ఆపించు."

"చీటీ మీద విషం గుర్తు ఉందమ్మా, చట్టప్రకారం అన్నీ ఉన్నాయి. ఫోన్ మాట ఇవాళ సాయంత్రం నాలుక్కి అందరికీ వెళ్లేట్టు పెట్టేశారు. హైదరాబాదులో అడగాలి. చూస్తాను."

'చూస్తాను' అన్న మాట ఎలాంటిదో ప్రసూనాంబకి తెలుసు. కరపత్రాలు ముందు ఎక్కడికి పోయాయని అడిగింది. పాతపట్నం డీలరుకి, సంచులతో పాటే, నాలుగు రోజులైందన్నాడు. చీరైనా మార్చుకోకుండా బస్సెక్కింది. పాలకొండలో మారి, పాతపట్నంలో దిగి, ఆటోలో లక్ష్మణమ్మ ఊరు చేరేసరికి మూడున్నర దాటింది.

లక్ష్మణమ్మ వీధి అరుగు మీద చేట పట్టుకుని ఉంది. "ఓలమ్మ, ఏనుగమ్మ. దారి తప్పినావేటి?" అని నవ్వింది.

ప్రసూనాంబ నవ్వలేదు. అరుగు మూల రెండు సంచులున్నాయి. రెంటి మీదా పచ్చ చిగురు. ఒకదాని మూతి విప్పి ఉంది, కుట్టిన దారం, చీటీ కింద పడున్నాయి. పశువుల శాల ముందు తొట్టిలో గింజలు నానుతున్నాయి. తొట్టిలో నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

"ఇది ఎవరికి నానబెట్టినావు?"

"గేదెకి. పొద్దుగూకితే పెడతాను. మా ఆడు కొత్త సంచులు తెచ్చినాడు. ఎర్రదొకటుంటాదని ఎతికినాను, లేదు. రెండూ పచ్చే. ఈసారి రెండూ మేతేనేమో అనుకున్నాను."

"రంగు దిగింది సూడలేదా?"

"ఈ మద్దిన దాణాకి కూడా రంగులేత్తన్నారు గదా."

ప్రసూనాంబ ఇంకో మాట లేకుండా తొట్టి అంచు పట్టుకుని లాగింది. బలం చాలలేదు. లక్ష్మణమ్మ ఆవిడ మొహం చూసి, ఎందుకని అడక్కుండా తనూ ఒక చెయ్యి వేసింది. గులాబీ నీళ్లు, గింజలు వాకిట్లో పరుచుకున్నాయి.

"పారతో గొయ్యి తీసి పూడ్చు. చేత్తో ముట్టకు. ఇందులోంచి ఇంకెవరికైనా పెట్టినావా?"

"పొద్దున్న కోళ్లకి రెండు దోసిళ్లు జల్లినాను."

"కోళ్లేవి?"

లక్ష్మణమ్మ దొడ్డి వైపు తిరిగి "బా, బా, బా" అని పిలిచింది. దొడ్డి కదల్లేదు. ఇంకోసారి పిలిచింది. ఈసారి గొంతు చిన్నదైంది. గడ్డివాము వెనక్కి వెళ్లి, అక్కడే నిలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే అరుగు మీద లక్ష్మణమ్మ ఫోన్ మోగింది. ఇంట్లోంచి కోడలు వచ్చి ఎత్తి స్పీకరు పెట్టింది. ప్రసూనాంబ గొంతే, గంటలాగ, ఒక్క అక్షరం తప్పు లేకుండా. "ఎర్ర చిగురు భూమికి, పచ్చ చిగురు పశువుకి. పచ్చ చిగురు సంచి నిశ్చింతగా మేతలో కలపండి."

పక్కింట్లోనూ అదే మోగింది. దాని పక్కింట్లోనూ. వీధి పొడుగునా ఒకదాని వెనక ఒకటి, తన గొంతే తనకి ఎదురొస్తున్నట్టు. ఎదురింటి అరుగు మీద పచ్చ చిగురు సంచి. ఆ పక్కన ఇంకోటి, దానికి ఆనుకుని ఒక ముసలాయన కొడవలితో మూతి దారం కోస్తున్నాడు. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపి, మళ్లీ కొయ్యడం మొదలెట్టాడు.

"ఏనుగమ్మ సెప్తన్నాది, పచ్చది పెట్టీమంతన్నాది" అన్నాడు లోపలికి కేకేసి.

ప్రసూనాంబ వీధి దాటి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ సెప్పింది నేనే బాబూ" అంది. "ఆ మాట వినకండి."

ఆయన ఫోన్ వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూశాడు. ఫోన్లో మాట ఇంకా అవలేదు. ఏది నమ్మాలో ఆయనకి తెలియలేదు. ఆవిడ కొడవలి పక్కకి జరిపి, సంచి మూతి చేత్తో బిగించి పట్టుకుంది. వీధి చివర వరకూ ఇంకా ఎన్ని అరుగులున్నాయో చూసింది. పొద్దు గూకడానికి రెండు గంటలుంది. పక్క ఊళ్లో కూడా నాలుగు కొట్టే ఉంటుంది.